లాభం పెరిగిన నెలలోనే ఖాతా ఎందుకు అడుగంటుతుంది?

ఒక కంపెనీ మూతపడిందని తెలిసినప్పుడు అది నష్టాల్లో కూరుకుపోయి ఉంటుందని చాలామంది అనుకుంటారు. వాస్తవానికి ఏ కంపెనీ అయినా ఆగిపోయేది నష్టం వచ్చిన రోజున కాదు, గడువుకు కట్టాల్సిన సొమ్ము కట్టలేకపోయిన రోజున. పెట్టుబడి పెట్టేవారు వెనుక ఉన్నంతకాలం ఏళ్ల తరబడి నష్టాలతో నడిచే కంపెనీలున్నాయి. ఏటా లాభం చూపిస్తూనే, ఒక నెల జీతాలకూ ముడిసరుకుకూ డబ్బు చాలక కుప్పకూలిన కంపెనీలూ ఉన్నాయి. రెండో రకానికి దారితీసే కారణాల్లో తరచుగా కనిపించేదీ, యజమానులు అంతగా అనుమానించనిదీ అమ్మకాలు ఒక్కసారిగా పెరగడం. పెద్ద ఆర్డరు వచ్చిందని సంతోషించే సమయంలోనే నగదు కరిగిపోవడం ఎలా మొదలవుతుందో అంకెలతో చూస్తే తప్ప నమ్మశక్యంగా ఉండదు.

ముందుగా లాభం ఎలా పుడుతుందో చూడాలి. సరుకు కొనుగోలుదారుకు అప్పగించి బిల్లు రాసిన రోజునే ఆ మొత్తం పుస్తకాల్లో ఆదాయంగా నమోదవుతుంది, డబ్బు మూడు నెలల తర్వాత వచ్చినా సరే. గోదాములో ఉన్న ముడిసరుకుకు డబ్బు ఎప్పుడో చెల్లించి ఉన్నా, అది వాడకంలోకి వచ్చి అమ్ముడయ్యేదాకా ఖర్చు కింద లెక్కకు రాదు. యంత్రం మీద తరుగుదల ఖర్చుగా రాస్తారు గానీ ఆ నెల ఎవరికీ రూపాయి చెల్లించరు. టర్మ్ లోనులో అసలు వాయిదా కడితే ఖాతా నుంచి డబ్బు పోతుంది, లాభనష్టాల పట్టికలో మాత్రం ఆ చెల్లింపు జాడ ఉండదు. జీఎస్టీ కూడా అంతే, వసూలు చేసినా కట్టినా లాభంలో దాని ప్రస్తావన రాదు. ఈ పద్ధతిలో తప్పేమీ లేదు. ఒక నెలలో చేసిన పని వల్ల సంస్థకు నిజంగా ఎంత మిగిలిందో చెప్పడానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదు. అయితే ఆ మిగులు ఎప్పుడు చేతికొస్తుందన్నది ఆ పట్టిక చెప్పదు.

ఒక ఊహాత్మక యూనిట్‌ను తీసుకుందాం. హైదరాబాద్ శివార్లలోని ఒక పారిశ్రామికవాడలో మందుల కంపెనీలకు ప్లాస్టిక్ సీసాలు తయారు చేసే చిన్న కర్మాగారం అది. నెలకు 50 లక్షల రూపాయల అమ్మకం, అంటే ఏడాదికి 6 కోట్లు. అందులో 30 లక్షలు సీసాలకు ముడిసరుకైన హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ గుళికలకు, అంటే గ్రాన్యూల్స్‌కు పోతాయి. జీతాలు, కరెంటు, అద్దె, రవాణా కలిపి 14 లక్షలు, తరుగుదల ఒక లక్ష, వడ్డీ ఒక లక్ష. మిగిలే లాభం నెలకు 4 లక్షలు. సీసాల మీదా గ్రాన్యూల్స్ మీదా జీఎస్టీ 18 శాతం. మందుల కంపెనీలు ఒప్పందంలో ఏం రాసుకున్నా ఆచరణలో 90 రోజులకు చెల్లిస్తాయి. గ్రాన్యూల్స్ డీలర్లు మాత్రం అంత ఓపిక పట్టరు, దాదాపు చేతిలో డబ్బు పడితేనే సరుకు లోడు చేస్తారు. పైగా వచ్చే నెల ఉత్పత్తికి కావలసిన గ్రాన్యూల్స్ ఈ నెలే కొని పెట్టుకోవాలి.

వ్యాపారం ఒకే స్థాయిలో సాగుతున్నంతకాలం ఇబ్బంది ఉండదు. మూడు నెలల కిందటి బిల్లుల మీద జీఎస్టీతో కలిపి 59 లక్షలు వస్తాయి. గ్రాన్యూల్స్‌కు పన్నుతో సహా 35.4 లక్షలు, జీతాలు వగైరాలకు 14 లక్షలు, వడ్డీ లక్ష పోతాయి. అమ్మకాల మీద జీఎస్టీ 9 లక్షలు, కొనుగోళ్ల మీద కట్టిన 5.4 లక్షలు అందులో మినహాయించుకోగా ప్రభుత్వానికి చెల్లించాల్సింది 3.6 లక్షలు. అన్నీ పోగా 5 లక్షలు మిగులుతుంది, అంటే లాభం 4 లక్షలూ చేతి నుంచి పోని తరుగుదల లక్షా. యంత్రం లోను అసలుకు లక్షన్నర, ఆదాయపు పన్నుకు లక్ష తీసేస్తే నెలకు నికరంగా రెండున్నర లక్షలు. బ్యాంకులో 1.2 కోట్ల క్యాష్ క్రెడిట్ పరిమితి, అంటే కావలసినప్పుడు తీసుకుని చేతికొచ్చినప్పుడు తిరిగి జమ చేసే అప్పు పరిమితి ఉంది, అందులో 60 లక్షలే వాడుకున్నారు. ఇంకా 60 లక్షల వెసులుబాటు ఉందన్నమాట. ఎవరు చూసినా ఆరోగ్యంగా ఉన్న యూనిట్ అనే అంటారు.

ఇప్పుడు ఏప్రిల్ నుంచి నెలకు 30 లక్షల అదనపు ఆర్డరు వచ్చిందనుకుందాం. అదనపు గ్రాన్యూల్స్ 18 లక్షలు. అద్దె పెరగదు గనుక మిగతా ఖర్చులు 7 లక్షలే పెరుగుతాయి. అంటే ఈ ఆర్డరు మీద నెలకు 5 లక్షల లాభం. మొత్తం లాభం 4 లక్షల నుంచి 9 లక్షలకు, అంటే రెట్టింపు కంటే ఎక్కువకు పెరుగుతుంది. ఇలాంటి ఆర్డరును కాదనే యజమాని ఉండడు, లాభనష్టాల దృష్టితో చూస్తే కాదనాల్సిన కారణమూ లేదు.

నగదు కథ మాత్రం మార్చిలోనే మొదలవుతుంది. ఏప్రిల్ ఉత్పత్తికి అదనపు గ్రాన్యూల్స్ మార్చిలో కొనాలి గనుక పన్నుతో కలిపి 21.24 లక్షలు ముందే పోతాయి. ఏప్రిల్‌లో మే నెలకు మళ్లీ 21.24 లక్షలు, అదనపు ఖర్చులు 7 లక్షలు. మార్చి కొనుగోళ్ల మీద వచ్చిన 3.24 లక్షల జీఎస్టీ మినహాయింపు ఈ నెల కాస్త ఊరటనిస్తుంది, కాబట్టి అదనంగా పోయేది 25 లక్షలు. మేలో ఆ ఊరట కూడా ఉండదు. ఏప్రిల్ అమ్మకాల మీద పన్ను మే 20 లోపు కట్టాలి గనుక అదనపు భారం 30.4 లక్షలవుతుంది. జూన్‌లోనూ అంతే. ఏప్రిల్‌లో రాసిన బిల్లు తాలూకు మొదటి రూపాయి జూలైలో గానీ రాదు. అప్పటిదాకా ఈ ఒక్క ఆర్డరు మింగిన సొమ్ము 1.07 కోట్లు. అదే ఏప్రిల్, మే, జూన్ నెలల్లో పుస్తకాల్లో ఈ ఆర్డరు మీద చూపే లాభం 15 లక్షలు.

ఆ డబ్బు ఎక్కడికీ పోలేదు. జూన్ చివర లెక్క తీస్తే కొనుగోలుదారుల నుంచి రావాల్సిన అదనపు బాకీలు 106 లక్షల పైచిలుకు, గోదాములో అదనపు గ్రాన్యూల్స్ 18 లక్షలు కనిపిస్తాయి. అందులో 15 లక్షలు లాభం, రెండు లక్షలు ఇంకా కట్టని జీఎస్టీ. మిగిలిన 1.07 కోట్లు యజమాని జేబులో నుంచో బ్యాంకు నుంచో రావాల్సినవి. దీనినే వ్యాపారులు డబ్బు రొటేషన్‌లో ఇరుక్కుపోవడం అంటారు. జూలై నుంచి పరిస్థితి కుదుటపడుతుంది, నెలకు 35.4 లక్షలు అదనంగా వస్తూ 30.4 లక్షలు పోతూ 5 లక్షలు మిగులుతాయి. ఆ లెక్కన ఇరుక్కున్న 1.07 కోట్లు ఈ ఆర్డరు లాభంతోనే వెనక్కి రావాలంటే 21 నెలలకు పైగా పడుతుంది. అదనపు వడ్డీ, అదనపు ఆదాయపు పన్ను ఇందులో కలపలేదు.

యూనిట్ జూలై దాకా నిలబడగలదా అన్నదే అసలు ప్రశ్న. పాత వ్యాపారం నుంచి వచ్చే రెండున్నర లక్షలను కలుపుకున్నా, క్యాష్ క్రెడిట్ వాడకం మార్చి చివరికి 78.7 లక్షలు, ఏప్రిల్ చివరికి 101.2 లక్షలు అవుతుంది. మే నెలను కొంచెం దగ్గరగా చూడాలి. ఆ నెల ఫిబ్రవరి బిల్లుల మీద వచ్చేది 59 లక్షలు. గ్రాన్యూల్స్‌కే 56.64 లక్షలు పోతాయి, అంటే వసూలైనదంతా దాదాపు డీలరుకే సరిపోతుంది. జీతాలు, కరెంటు వగైరాలకు 21 లక్షలు, జీఎస్టీ 5.76 లక్షలు, వడ్డీ, లోను వాయిదా, ఆదాయపు పన్ను కలిపి మూడున్నర లక్షలు. మొత్తం చెల్లించాల్సింది 86.9 లక్షలు. చేతికొచ్చిన 59 లక్షలకు బ్యాంకు పరిమితిలో మిగిలిన 18.76 లక్షలు కలిపినా 77.76 లక్షలే అవుతాయి. 9 లక్షల పైచిలుకు తక్కువ పడింది. ఆ నెల లాభనష్టాల పట్టిక చూపే లాభం కూడా సరిగ్గా 9 లక్షలే. జూన్ చివరికి ఈ కొరత 37 లక్షలకు చేరుతుంది.

ఇంతకీ ఎవరూ మోసం చేయలేదు, ఏ బాకీ మొండి బకాయి కాలేదు, కొనుగోలుదారు తన అలవాటు ప్రకారం 90వ రోజున చెల్లిస్తూనే ఉన్నాడు. అతడు ఒక్క నెల ఆలస్యం చేస్తే కొరత మరో 28 లక్షలు పెరుగుతుంది.

కొరత వచ్చిన నెలలో దేన్ని ఆపాలన్న నిర్ణయమే యూనిట్ తలరాతను మారుస్తుంది. డీలరుకు ఆపితే గ్రాన్యూల్స్ రావు, వచ్చే నెల ఉత్పత్తి పడిపోతుంది. జీతాలు ఆపితే నైపుణ్యమున్న ఆపరేటర్లు పక్క యూనిట్‌కు వెళ్లిపోతారు. గట్టిగా అడిగే మనిషి ఎదురుగా ఉండడు గనుక చాలామంది ముందుగా ఆపేది జీఎస్టీని. 18 శాతం వార్షిక వడ్డీ పడుతుందని తెలిసినా, బయటి అప్పు కంటే అదే చవక అనిపిస్తుంది. కానీ అసలు దెబ్బ వడ్డీ రూపంలో రాదు. పన్ను కట్టకపోతే ఆ నెల పన్ను చెల్లింపు రిటర్ను జీఎస్టీఆర్-3బి దాఖలు కాదు. ఒక నెల 3బి దాఖలు కాకపోతే తర్వాతి నెల అమ్మకాల బిల్లుల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 దాఖలు చేయడానికి పోర్టల్ ఒప్పుకోదు. జీఎస్టీఆర్-1 లేకపోతే ఆ నెల బిల్లులు మందుల కంపెనీ ఖాతాలో కనిపించవు, తమకు రావాల్సిన పన్ను మినహాయింపు రాలేదన్న కారణంతో ఆ కంపెనీ అకౌంట్స్ విభాగం చెల్లింపును, కనీసం పన్ను భాగాన్ని, నిలిపేస్తుంది. వరుసగా రెండు నెలల రిటర్నులు పెండింగులో పడితే సరుకు రవాణాకు తప్పనిసరైన ఈ-వే బిల్లు కూడా ఆగిపోతుంది, అంటే సరుకు సిద్ధంగా ఉన్నా లారీ గేటు దాటదు. వసూళ్ల కోసం ఎదురుచూస్తున్న యూనిట్ తన వసూళ్లకు తానే అడ్డుకట్ట వేసుకుంటుంది. లాభదాయకమైన చిన్న పరిశ్రమలు చితికిపోయే దారుల్లో ఇది అత్యంత దారుణమైనది, ఎందుకంటే ఆ మొదటి నెల ఐదారు లక్షలు సర్దుబాటు చేసుకోగలిగితే ఈ గొలుసు మొదలయ్యేదే కాదు.

మరో దారి బయటి అప్పు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. జూన్ కొరత 37 లక్షలను అలా తెస్తే నెలకు 74 వేల రూపాయలు వడ్డీకే పోతాయి. కొత్త ఆర్డరు మీద 5 లక్షలు మిగులుతున్నప్పుడు ఇది భరించగలిగిందే. మూడు రూపాయల వడ్డీ అయినా గణితం ప్రకారం తట్టుకోవచ్చు. ప్రమాదం వడ్డీ రేటులో కంటే గడువులో ఉంటుంది. ఇచ్చినవారు ఆరు నెలల్లో అసలు మొత్తం తిరిగి అడుగుతారు, ఆర్డరులో ఇరుక్కున్న డబ్బు మాత్రం 21 నెలలకు గానీ విడుదల కాదు.

బ్యాంకు పరిమితిని పెంచుకోవడం సహజమైన మార్గమే. చిన్న పరిశ్రమలకు అంచనా టర్నోవరులో కనీసం 20 శాతం మేర రోజువారీ ఖర్చులకు నిర్వహణ మూలధనం ఇవ్వాలన్న, రిజర్వ్ బ్యాంకు నియమించిన నాయక్ కమిటీ సూత్రం బ్యాంకుల్లో ఇప్పటికీ వాడుకలో ఉంది. ఈ యూనిట్ టర్నోవరు 6 కోట్ల నుంచి 9.6 కోట్లకు పెరుగుతోంది గనుక ఆ సూత్రం ప్రకారం పరిమితి 1.92 కోట్ల దాకా అడగవచ్చు, అది జూన్ కొరతను తేలిగ్గా దాటిస్తుంది. చిక్కు ఏమిటంటే దరఖాస్తు, అంచనా పత్రాలు, తనిఖీ, మంజూరు పూర్తయ్యేసరికి వారాలు, ఒక్కోసారి నెలలు గడుస్తాయి. ఖాతా పరిమితి దాటాక వచ్చి అడిగే యజమానిని బ్యాంకు అనుమానంగా చూస్తుంది. ఆర్డరు చేతికొచ్చిన రోజునే ఆర్డరు పత్రంతో వెళ్లి అడిగే యజమానిని ఎదుగుతున్న ఖాతాదారుగా చూస్తుంది. పరిమితి మించిన వాడకం 30 రోజులు దాటితే ఖాతా ప్రత్యేక పర్యవేక్షణ జాబితాలోకి, 90 రోజులు దాటితే మొండి పద్దుల్లోకి చేరుతుంది. ఆ తర్వాత ఏ బ్యాంకూ కొత్త పరిమితి మాటెత్తదు.

పరిమితి మంజూరైనా మొత్తం వాడుకోవచ్చని కాదు. నెలనెలా ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్ ఆధారంగా బ్యాంకు డ్రాయింగ్ పవర్ లెక్క కడుతుంది. నిల్వల నుంచీ రావాల్సిన బాకీల నుంచీ యజమాని సొంత వాటా కింద మార్జిన్ తీసేసి, మిగిలినంత వరకే వాడనిస్తుంది. సాధారణంగా 90 రోజులు దాటిన బాకీలను లెక్కలోకి తీసుకోదు. అందువల్ల పెద్ద కొనుగోలుదారు ఆలస్యం చేసినప్పుడు దెబ్బ రెండు వైపుల నుంచి తగులుతుంది. డబ్బు రాదు, ఆ బాకీ మీద బ్యాంకు ఇస్తున్న వెసులుబాటూ పోతుంది. మన ఉదాహరణలోని యూనిట్‌కు బాకీలు ఎక్కువ, పరిమితి తక్కువ గనుక పరిమితే ముందుగా అడ్డొస్తుంది. పరిమితిని అంచులదాకా పెంచుకున్న యూనిట్లలో మాత్రం ఖాతా ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే.

ఇది చిన్న యూనిట్లకే పరిమితమైన జబ్బు కాదు. అమెరికాలో 1906లో మొదలైన డబ్ల్యూ.టి. గ్రాంట్ అనే చిల్లర వర్తక సంస్థ 1970ల ఆరంభానికి వెయ్యికి పైగా దుకాణాలతో ఆ దేశంలోని అతిపెద్ద చిల్లర వర్తక సంస్థల్లో ఒకటిగా ఉండేది. దుకాణాలు వేగంగా పెంచింది, అమ్మకాలు పెంచుకోవడానికి ఖాతాదారులకు విరివిగా అరువిచ్చింది. ఏటా లాభాలు చూపించింది, డివిడెండ్లు పంచింది. 1973లో దాని షేరు, ఒక్కో షేరుకు వచ్చే లాభానికి దాదాపు 20 రెట్ల ధర పలికింది. కానీ అదే కాలంలో వ్యాపార కార్యకలాపాల నుంచి వచ్చే నగదు చాలా సంవత్సరాలు సున్నాకు దిగువనే ఉందని తర్వాత దాని పుస్తకాలను తిరిగి లెక్కగట్టిన విశ్లేషకులు చూపించారు. అమ్మిన సరుకు అరువు ఖాతాల్లోనూ, అమ్ముడుపోనిది గోదాముల్లోనూ పేరుకుపోతుంటే, లోటును బ్యాంకు అప్పులు భర్తీ చేస్తూ వచ్చాయి. 1975 అక్టోబరులో దివాలా రక్షణ కోరింది, కొద్ది నెలల్లోనే పూర్తిగా మూతపడింది. మన సీసాల యూనిట్‌కూ గ్రాంట్‌కూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. యూనిట్ బాకీలు ఆలస్యంగానైనా వచ్చేవి, గ్రాంట్ ఇచ్చిన అరువులో పెద్ద భాగం ఎప్పటికీ వసూలు కానిది. మొదటి కొన్ని సంవత్సరాల్లో మాత్రం బయటినుంచి చూసేవారికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. లాభం పెరుగుతుంది, దానికంటే వేగంగా బాకీలు పెరుగుతాయి.

బయటివారు దీన్ని పసిగట్టేది నగదు ప్రవాహ పట్టికలోనే. అది లాభంతో మొదలై, తరుగుదలను కలిపి, బాకీలూ నిల్వలూ ఎంత పెరిగాయో తీసేసి, కార్యకలాపాల నుంచి నిజంగా ఎంత నగదు వచ్చిందో చెబుతుంది. ఒక ఏడాది ఆ అంకె లాభం కంటే బాగా తక్కువగా ఉంటే అది ఎదుగుదల వల్ల కావచ్చు. అమ్మకాలు నిలకడగా ఉన్నా వరుసగా రెండు మూడేళ్లు అలాగే ఉంటే, ఆ లాభం మీద అనుమానం పెట్టుకోవాల్సిందే. విచారకరమైన విషయమేమిటంటే, మన కంపెనీల చట్టం చిన్న కంపెనీలకు ఈ పట్టిక తయారీ నుంచి మినహాయింపు ఇచ్చింది. కాగితాల భారం తగ్గించాలన్న ఉద్దేశం మంచిదే, కానీ ఈ పట్టిక అవసరం అందరికంటే ఎక్కువగా ఉన్నది వారికే. ఆడిటరు ఏడాది చివర ఇచ్చే లాభనష్టాల పట్టిక, ఆస్తి అప్పుల పట్టికలతోనే చాలామంది యజమానులు సరిపెట్టుకుంటారు. మేలో వచ్చే 9 లక్షల కొరత మరుసటి ఏడాది సెప్టెంబరులో అందే నివేదికలో ఏ రూపంలోనూ కనిపించదు.

కనిపించాలంటే చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. రాబోయే 13 వారాలకు వారం వారం వచ్చే సొమ్ము, పోయే సొమ్ము ఒక కాగితం మీద రాసుకోవడం. వసూళ్లను ఒప్పందంలో ఉన్న గడువు ప్రకారం కాకుండా, ఆ కొనుగోలుదారు గత ఏడాది వాస్తవంగా చెల్లించిన తీరు ప్రకారం రాయాలి. 60 రోజులని ఒప్పందంలో ఉండి 90 రోజులకు ఇచ్చే పార్టీని 60కి వేసుకుంటే ఆ కాగితం మొత్తం అబద్ధమవుతుంది. జీఎస్టీ 20వ తేదీ, జీతాల తేదీ, జూన్ 15న మొదలయ్యే ముందస్తు ఆదాయపు పన్ను వాయిదాలు వాటి వాటి వారాల్లో పడాలి. పై ఉదాహరణలో ఈ కాగితం ఫిబ్రవరి చివర రాసుకుని ఉంటే మే నెల కొరత మూడు నెలల ముందే కనిపించేది, మూడు నెలల ముందు కనిపించిన కొరతకు దారులు చాలా ఉంటాయి.

వాటిలో మొదటిది ఆర్డరును విడతలుగా తీసుకోవడం. ఒక్కసారిగా 30 లక్షలకు బదులు నాలుగు నెలలకొకసారి 10 లక్షల చొప్పున పెంచుకుంటూ పోతే, ఒక్కో విడత మింగేది దాదాపు 36 లక్షలు. మధ్యలో పాత వ్యాపారం మిగులూ, ముందు విడతల లాభమూ చేరుతూ వస్తాయి. పన్నెండో నెల చివర లోటు అత్యధికంగా 57 లక్షల దగ్గర ఆగుతుంది, యూనిట్‌కు ఉన్న వెసులుబాటు 60 లక్షలు. మూడు లక్షల అంతరం చాలా సన్ననిదే, పెరిగిన లాభం మీద పన్ను, వడ్డీ కలిస్తే అదీ మిగలదు, ఒక పార్టీ ఆలస్యం చేసినా చాలదు. అయినా ఒకే ఆర్డరు ఒక పద్ధతిలో మేలోనే ఖాతాను ఆపేస్తుంది, మరో పద్ధతిలో ఏడాది పొడవునా నడవనిస్తుంది.

రెండోది గడువు గురించి బేరమాడటం. చిన్న ఉత్పత్తిదారులు ధర మీద గంటల తరబడి బేరమాడతారు, చెల్లింపు గడువును మాత్రం కొనుగోలుదారు చెప్పినట్టే ఒప్పుకుంటారు. కొత్త ఆర్డరు మీద ధర రెండు శాతం పెంచగలిగితే నెలకు 60 వేల రూపాయలు అదనంగా వస్తాయి. అదే ధరకు గడువును 90 రోజుల నుంచి 60కి తగ్గించగలిగితే ఆర్డరు మింగే సొమ్ము 30 లక్షలు తగ్గుతుంది. మే కొరత అప్పుడు కూడా పూర్తిగా తీరదు గానీ, జూన్ నుంచే వసూళ్లు మొదలై కొరత 37 లక్షల దాకా పోకుండా 9 లక్షల దగ్గరే నిలుస్తుంది. ఆ 9 లక్షలు చేబదులుతోనైనా దాటవచ్చు.

చట్టం కూడా చిన్న ఉత్పత్తిదారు వైపే ఉంది, కనీసం కాగితం మీద. 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా 45 రోజుల్లోపు చెల్లించాలి, ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున నెలవారీ చక్రవడ్డీ ఇవ్వాలి. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి, గడువు దాటి బాకీ పెట్టిన మొత్తాన్ని కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోవడం లేదు. దీంతో ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చిలో పాత బాకీలు తీర్చే ఒత్తిడి కొంత పెరిగింది. మొదటి నిబంధనను ఉపయోగించుకుని ఫిర్యాదు చేసేవారు తక్కువ, ఎందుకంటే సగం వ్యాపారం ఇచ్చే కొనుగోలుదారు మీద కేసు పెట్టి ఆ వ్యాపారం నిలుపుకోవడం కష్టం. ఆచరణలో ఎక్కువ ఉపయోగపడేది ట్రెడ్స్, బిల్లుల మీద గడువుకు ముందే డబ్బు ఇప్పించే ఆన్‌లైన్ వేదిక. అక్కడ కొనుగోలుదారు బిల్లును ఆమోదించగానే బ్యాంకులు దాని మీద పోటీపడి డిస్కౌంటు రేటు చెబుతాయి, ఉత్పత్తిదారు తక్కువ రేటు ఎంచుకుని కొద్ది రోజుల్లో డబ్బు తీసుకుంటాడు. తర్వాత కొనుగోలుదారు ఎగ్గొట్టినా ఆ భారం ఉత్పత్తిదారు మీద పడదు. వడ్డీ కూడా కొనుగోలుదారు పరపతిని బట్టి ఉంటుంది గనుక చిన్న యూనిట్ సొంతంగా తెచ్చుకునే అప్పు కంటే చవక. 250 కోట్లకు పైగా టర్నోవరు ఉన్న కంపెనీలు ఈ వేదికలో నమోదు కావడం తప్పనిసరి చేశారు. నమోదు తప్పనిసరే గానీ ప్రతి బిల్లునూ అక్కడ ఆమోదించాలన్న నిబంధన లేదు. అందుకే ఆర్డరు తీసుకునేటప్పుడే బిల్లులు ట్రెడ్స్ ద్వారా ఆమోదిస్తామన్న షరతు రాయించుకోవాలి, తర్వాత అడిగితే వినేవారుండరు.

ఇదే యంత్రాంగం ఆర్డరు ఆగిపోయినప్పుడు వ్యతిరేక దిశలో తిరుగుతుంది, అప్పుడు మోసపోవడం మరింత తేలిక. సరఫరా ముగిసే చివరి నెల నుంచే అదనపు గ్రాన్యూల్స్ కొనడం ఆగిపోతుంది, ఆ తర్వాత అదనపు జీతాలూ ఉండవు, పాత బిల్లుల మీద నెలకు 35.4 లక్షలు మాత్రం మూడు నెలల పాటు వస్తూనే ఉంటాయి. చివరి నెలతో కలిపి నాలుగు నెలల్లో చేతికొచ్చేది 1.27 కోట్లు. నెలవారీ లాభం 9 లక్షల నుంచి 4 లక్షలకు పడిపోయిన సమయంలో బ్యాంకు ఖాతా ఎన్నడూ లేనంత నిండుగా కనిపిస్తుంది. అందులో లాభం 20 లక్షలు, మిగిలిన 1.07 కోట్లు మొదటి నాలుగు నెలల్లో ఆర్డరులో ఇరుక్కున్న సొమ్ము తిరిగి రావడం మాత్రమే. ఆ సొమ్ము క్యాష్ క్రెడిట్‌లోకి వెళ్తే తర్వాతి ఆర్డరుకు 60 లక్షలకు మించిన వెసులుబాటు సిద్ధంగా ఉంటుంది. దాన్ని మిగులుగా భావించి కొత్త మౌల్డింగ్ యంత్రం మీదో స్థలం మీదో పెడితే, తర్వాతి పెద్ద ఆర్డరు వచ్చినప్పుడు మొదటి నెల గ్రాన్యూల్స్‌కే డబ్బు ఉండదు.